ఏడు చుక్కల మామిడికాయ

పెన్సిల్ బొమ్మ లోగోగా మారాలంటే పెన్ టూల్‌తో చేయాల్సిన పనేమిటి?

ఇంట్లో పెట్టిన ఆవకాయను సీసాల్లో నింపి అమ్మాలనుకున్న కుటుంబానికి ఒక గుర్తు కావాలనుకుందాం. ఇంట్లో బొమ్మలు వేసేవాళ్లు ఒకరుంటే ఆ పని కాగితం మీద తొందరగానే తేలిపోతుంది. నిలువుగా రెండు చెక్కలుగా కొట్టిన మామిడికాయ, మధ్యలో జీడి తీసేసిన గుంట, దాని చుట్టూ టెంక, పైన తొడిమె, పక్కన ఒక ఆకు. చూడగానే ఆవకాయ అని తెలిసే బొమ్మ.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఆ బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి ప్రింటరుకు పంపితే సీసా మూత మీద బాగానే కనిపిస్తుంది. అదే ఫొటోను పది అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంచులు మెట్లు మెట్లుగా విరిగిపోతాయి. చేతిసంచుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసేవారికి నలుపో తెలుపో స్పష్టంగా కావాలి, పెన్సిల్ మసక పనికిరాదు. ఇక స్టిక్కర్లు కోసే యంత్రానికి ఫొటోతో పనే లేదు. బ్లేడు ఎక్కడ మొదలై ఏ దారిలో నడిచి ఎక్కడ ఆగాలో దానికి చెప్పాలి.

ఆ దారిని తయారుచేయడమే పెన్ టూల్ పని. ఫొటో అంటే రంగు గళ్ల వరుస. ఎంత పెద్దది చేస్తే గళ్లూ అంత పెద్దవవుతాయి. పెన్ టూల్‌తో గీసిన బొమ్మలో గళ్లుండవు. కొన్ని చుక్కలు, వాటి మధ్య గీత ఎలా వంగాలో చెప్పే అంకెలు మాత్రమే ఉంటాయి. కొలత మారిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ అంకెల నుంచి గీతను కొత్తగా గీస్తుంది కాబట్టి మూతకైనా ఫ్లెక్సీకైనా అంచు ఒకే నునుపుతో వస్తుంది. దీన్నే వెక్టర్ బొమ్మ అంటారు.

అయితే వెక్టర్ అయినంత మాత్రాన బొమ్మ శుభ్రంగా ఉంటుందని కాదు. గతుకుల గీతను వెక్టర్ చేస్తే ఆ గతుకులు పది అడుగుల ఫ్లెక్సీ మీద మరింత స్పష్టంగా కనిపిస్తాయి. శుభ్రమైన గీత ఒక్క నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది: చుక్కలు ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? ఈ మామిడికాయనే పట్టుకుని ఆ నిర్ణయం ఎలా తీసుకుంటారో చూద్దాం.

ముందు కాగితం మీద

పెన్సిల్ బొమ్మలో అంచు ఒక్క గీతగా ఉండదు. చెయ్యి సరైన వంపును వెతుక్కుంటూ మూడు నాలుగు సార్లు తిరుగుతుంది, అన్ని గీతలూ అక్కడే ఉంటాయి. దాన్ని అలాగే కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఒకచోట లోపలి గీతనూ, మరోచోట బయటి గీతనూ అనుసరిస్తాం. కాయ భుజం దగ్గర లావెక్కి, పొట్ట దగ్గర నలిగిపోతుంది.

అందుకే స్కెచ్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, సన్నని నల్ల పెన్నుతో ఒకే ఒక్క గీత గీయాలి. ఏ గీత ఉండాలి, ఏది పోవాలి అన్నది ఇక్కడే తేలాలి. బొమ్మ చుట్టూ స్కేలుతో ఒక చతురస్రం కూడా గీస్తే మంచిది. ఫోన్‌తో ఫొటో తీసినప్పుడు కెమెరా కొంచెం వాలినా బొమ్మ ఒక పక్కకు సాగిపోతుంది. వంపుల బొమ్మలో ఆ సాగుడు కంటికి దొరకదు. చతురస్రం వంకరైతే మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

స్కానర్ దొరికితే ఈ బాధే ఉండదు. 300 డీపీఐ చాలు. ఆ లెక్కన ఏ5 కాగితం సుమారు 1748 × 2480 పిక్సెళ్లు వస్తుంది, మనం అనుసరించడానికి అంతకన్నా అక్కర్లేదు. ఫోన్ తప్పకపోతే కాగితాన్ని నేల మీద పరిచి, నేరుగా పైనుంచి, కాస్త ఎత్తు నుంచి జూమ్ చేసి తీయాలి. దగ్గరగా పెట్టి తీస్తే మధ్యభాగం ఉబ్బినట్టు వస్తుంది.

ఆ చిత్రాన్ని ఇలస్ట్రేటర్, కోరెల్‌డ్రా, ఇంక్‌స్కేప్‌లలో ఏదో ఒకదానిలో తెరవాలి. ఇంక్‌స్కేప్ ఉచితం, ఈ పనికి దానిలో లోటేమీ లేదు. చిత్రాన్ని ఒక లేయర్‌లో పెట్టి, సగం మసకబరిచి, కదలకుండా తాళం వేయాలి. దానిపైన కొత్త లేయర్ తెరిచి, లోపల రంగు నింపకుండా, సన్నని ఎర్ర గీతతో పని మొదలుపెట్టాలి. కింద నల్ల గీత, పైన ఎర్ర గీత. ఎక్కడ తప్పామో ఇట్టే కనబడుతుంది.

గీతను వంచే హ్యాండిళ్లు

పెన్ టూల్ గీసే వంపుకు బెజియే కర్వ్ అని పేరు. ఫ్రెంచి కార్ల కంపెనీ రెనోలో ఇంజినీరుగా పనిచేసిన పియర్ బెజియే కారు పైభాగపు వంపులను అంకెల్లో రాయడానికి 1960ల్లో దీన్ని వాడి, ప్రచారంలోకి తెచ్చారు. మరో కార్ల కంపెనీ సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో 1959లోనే ఇదే గణితాన్ని కనుగొన్నారు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచడంతో పేరు బెజియేకు దక్కింది. 1980ల్లో అడోబీ కంపెనీ తన పోస్ట్‌స్క్రిప్ట్ ముద్రణ భాషలో ఈ వంపులనే వాడింది. 1987లో వచ్చిన ఇలస్ట్రేటర్‌తో అవి పెన్ టూల్ రూపంలో బొమ్మలు వేసేవారి చేతికి అందాయి.

గణితం తెలియకపోయినా దీని నడక అర్థం చేసుకోవచ్చు. గాలిపటానికి కట్టే వెదురు బద్ద ఒకటి తీసుకుని రెండు చివర్లనూ రెండు చేతులతో పట్టుకోండి. చివరను ఏ దిక్కుకు తిప్పి పట్టుకుంటే బద్ద ఆ దిక్కుగా బయల్దేరుతుంది, మధ్యలో తనంతట తానే నునుపుగా వంగుతుంది. మధ్యలో ఎవరూ వేలు పెట్టనక్కర్లేదు. పెన్ టూల్‌లో బద్ద చివర్లే పాయింట్లు. కోరెల్ వాడేవారు వీటినే నోడ్లు అంటారు. ఒక్కో పాయింటు నుంచి పుల్లలా బయటికి వచ్చేది హ్యాండిల్. అది ఏ దిక్కుకు ఉంటే గీత ఆ దిక్కుగా బయల్దేరుతుంది, ఎంత పొడవుంటే అంతసేపు ఆ దిక్కును అంటిపెట్టుకుని ఉంటుంది.

కంప్యూటర్ దాచుకునేది ఇంతే. 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న వృత్తంలో పావు భాగం ఎస్‌వీజీ ఫైలులో ఇలా ఉంటుంది:

```
M 0 100
C 0 44.8, 44.8 0, 100 0
```

మొదటి వరుస బయల్దేరే పాయింటు. రెండో వరుసలో ముందు రెండు హ్యాండిళ్ల కొసలు, చివర చేరాల్సిన పాయింటు. ఒక్కో హ్యాండిల్ పొడవు 55.2, అంటే వ్యాసార్ధంలో 0.552 వంతు. ఇలాంటి నాలుగు ముక్కలు కలిస్తే వృత్తం. నిజానికి అది అచ్చమైన వృత్తం కూడా కాదు, 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో 0.027 మిల్లీమీటరు మేర తేడా ఉంటుంది. ఏ కంటికీ అది దొరకదు. నాలుగే పాయింట్లతో ఇంత నునుపైన వృత్తం వస్తుందన్నది గుర్తుపెట్టుకుంటే, మామిడికాయకు యాభై పాయింట్లు ఎందుకు అక్కర్లేదో తెలుస్తుంది.

ఇందులోంచి చేతికి పనికొచ్చే కొలత ఒకటి దొరుకుతుంది. పావు వృత్తపు వంపులో హ్యాండిల్ పొడవు ఆ వంపు పొడవులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. మామూలు వంపులన్నిటికీ మూడో వంతుతో మొదలుపెట్టి, తర్వాత సర్దుకుంటే సరిపోతుంది.

చుక్కలు ఎక్కడ?

టూల్ పట్టుకోకముందే ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో చుక్కలు పెట్టి చూడాలి. కొత్తవాళ్లు తరచూ వదిలేసే మెట్టు ఇదే.

పాయింట్లు రెండు రకాల చోట్ల కావాలి. మొదటిది, గీత ఒక్కసారిగా దిక్కు మార్చే మూల. మన కాయలో అలాంటివి రెండున్నాయి: పైన తొడిమె దిగబడే చిన్న పల్లం ఒకటి, కింద కుడివైపున్న ముక్కు ఒకటి. ఈ ముక్కు వల్లనే బొమ్మ గుండ్రటి పండులా కాకుండా మామిడికాయలా కనిపిస్తుంది.

రెండోది, వంపు నాలుగు దిక్కుల్లో ఏదో ఒకవైపు అన్నిటికన్నా దూరం వెళ్లి వెనక్కి తిరిగే చోటు. ఎడమ భుజం మీద అన్నిటికన్నా ఎత్తైన చోటు, ఎడమ పొట్ట అన్నిటికన్నా ముందుకొచ్చిన చోటు, అడుగున అన్నిటికన్నా కిందికి దిగిన చోటు, కుడి పొట్ట కొస, కుడి భుజం కొస. ఇవి ఐదు. మూలలు రెండు కలిపితే ఏడు. కాయ చుట్టుగీత మొత్తానికి ఏడు పాయింట్లు సరిపోతాయి.

కొసల దగ్గరే ఎందుకు పెట్టాలి? అక్కడ గీత అచ్చంగా అడ్డంగానో, అచ్చంగా నిలువుగానో వెళ్తుంది. కాబట్టి హ్యాండిల్ దిక్కు ఊహించనక్కర్లేదు. భుజాల మీదా అడుగునా అడ్డం, పొట్టల దగ్గర నిలువు. ఇక తేల్చాల్సింది పొడవు ఒక్కటే. రెండో మేలు తర్వాత తెలుస్తుంది. కాయ కాస్త లావుగా ఉండాలని ఎవరైనా అడిగితే కుడి పాయింటును కుడివైపు జరిపితే చాలు, వంపు చెడకుండా లావవుతుంది. అదే పాయింట్లు ఇష్టమొచ్చిన చోట్ల ఉంటే ఒకదాన్ని కదిపినప్పుడల్లా పక్కన సొట్ట పడుతుంది, దాన్ని సరిచేస్తే ఇంకోచోట ఉబ్బుతుంది.

ముక్కుకూ కుడి పొట్టకూ మధ్య గీత ముందు లోపలికి వంగి, తర్వాత బయటికి తిరుగుతుంది. ఇక్కడ మరో పాయింటు కావాలనిపిస్తుంది. అక్కర్లేదు. ఒకే ముక్కలో రెండు హ్యాండిళ్లూ చెరో పక్కకు ఉంటే గీత పాములా అటూ ఇటూ వంగగలదు. అది పట్టలేనంత గట్టిగా వంగాలంటేనే మధ్యలో ఇంకో పాయింటు పెట్టాలి.

గీత గీయడం

పెన్ టూల్‌లో ఊరికే క్లిక్ చేస్తే మూల వస్తుంది. క్లిక్ చేసి మౌస్‌ను వదలకుండా లాగితే వంపు పాయింటు వస్తుంది, రెండు వైపులా హ్యాండిళ్లు పుడతాయి. లాగేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే హ్యాండిల్ అడ్డానికీ నిలువుకూ కట్టుబడి ఉంటుంది. ఈ కాయకు ఇంతకు మించి కావలసినది ఇంకొక్కటే, దాన్ని ముక్కు దగ్గర చూద్దాం.

తొడిమె పల్లం నుంచి బయల్దేరుదాం. మూల దగ్గర మొదలుపెడితే చివర కలపడం తేలిక. అక్కడ క్లిక్ చేసి ఎడమ భుజం వైపు కొద్దిగా లాగాలి. ఎడమ భుజం కొసన క్లిక్ చేసి షిఫ్ట్‌తో ఎడమకు లాగాలి. ఎడమ పొట్ట దగ్గర కిందికి, అడుగున కుడికి. ఎప్పుడూ మనం ప్రయాణిస్తున్న దిక్కుకే లాగాలి. వెనక్కి లాగితే గీత మెలిక పడుతుంది. లాగుతున్నప్పుడు కింది నల్ల గీతతో ఎర్ర గీత అచ్చంగా కలవకపోయినా ఆగకూడదు. ముందు ఏడు పాయింట్లూ పెట్టేసి, సర్దుబాటు తర్వాత చేసుకోవాలి.

ముక్కు దగ్గరికి వచ్చేసరికి గీత దిక్కు మారాలి. అక్కడ మామూలుగా లాగితే వచ్చే హ్యాండిల్, వచ్చిన దిక్కులోనే ముందుకు పొడుచుకుంటుంది, ముక్కు మొద్దుబారుతుంది. ఇలస్ట్రేటర్‌లో అయితే పాయింటు పెట్టి లాగుతూ ఉండగానే ఆల్ట్ కీ నొక్కి, ముందు హ్యాండిల్‌ను పైకి, కాయ లోపలివైపుకు తిప్పాలి. వెనక హ్యాండిల్ అలాగే ఉంటుంది, ముందుది కొత్త దిక్కు పడుతుంది. రెండు హ్యాండిళ్లూ విడివిడిగా కదిలితేనే మూల వాడిగా వస్తుంది. ఇతర ప్రోగ్రాముల్లో కీ వేరుగా ఉండవచ్చు. అప్పుడు పాయింటు పెట్టేశాక నోడ్ టూల్‌తో దాన్ని మూలగా మార్చుకుని హ్యాండిళ్లు తిప్పినా ఫలితం ఒకటే.

కుడి పొట్ట దగ్గర పైకి, కుడి భుజం మీద ఎడమకు లాగి, మళ్లీ మొదటి పాయింటు మీదికి వస్తే ఇలస్ట్రేటర్‌లో కర్సర్ పక్కన చిన్న సున్న కనిపిస్తుంది. గీత మూసుకోబోతోందని దానర్థం. ఆ సున్న కనబడకుండా క్లిక్ చేస్తే మొదటి పాయింటు పక్కన ఇంకో పాయింటు పడుతుంది. కంటికి మూసుకున్నట్టే ఉంటుంది కానీ గీత తెరిచే ఉంటుంది. స్టిక్కర్ కోసే యంత్రం దగ్గర ఈ తప్పు బయటపడుతుంది. బ్లేడు చుట్టూ తిరిగి వచ్చి, కోత కలవకుండానే ఆగిపోతుంది. స్టిక్కర్ ఊడదీస్తే ఆ మూల చిరుగుతుంది.

బుడిపెలు, నొక్కులు

ఇప్పుడు డైరెక్ట్ సెలెక్షన్ టూల్‌తో, ఇంక్‌స్కేప్‌లో అయితే నోడ్ టూల్‌తో, హ్యాండిళ్ల పొడవులు సర్దాలి. దీనికే ఎక్కువ సమయం పడుతుంది, పట్టాలి కూడా.

కింది నల్ల గీతకు అచ్చంగా అతుక్కోవాలన్న పట్టుదల ఇక్కడ వదిలేయాలి. పెన్ను గీతలో చెయ్యి వణికిన చోట్లు ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి పాయింటు చేర్చామంటే ఆ వణుకు లోగోలో శాశ్వతంగా ఉండిపోతుంది. గీత వెంట్రుకవాసి అటో ఇటో జరిగినా ఫరవాలేదు, వంపు మాత్రం తెగకూడదు. కావాలని చేసిన మెలికను వదలకూడదు. కాయ ముక్కు పైన ఉన్న లోవంపు అలాంటిది. చెయ్యి అనుకున్నదేదో, చెయ్యి జారినదేదో విడదీయడంలోనే బొమ్మ గీసేవారి కన్ను తెలుస్తుంది.

తరచూ వచ్చే దోషం బుడిపె. పాయింటుకు రెండు వైపులా హ్యాండిళ్లు ఒకే వరుసలో ఉన్నాయి, మూల లేదు, అయినా అక్కడేదో ఉబ్బినట్టు అనిపిస్తుంది. ఒక హ్యాండిల్ మరీ పొట్టిగానూ, రెండోది మరీ పొడవుగానూ ఉంటే ఇలా అవుతుంది. పొట్టి హ్యాండిల్ వైపు గీత ఉన్నపళంగా వంగుతుంది, పొడుగు వైపు తాపీగా వంగుతుంది. దిక్కు కలిసినా వంపు కలవదు. పొట్టిదాన్ని కాస్త సాగదీసి, పొడుగుదాన్ని తగ్గిస్తే బుడిపె కరిగిపోతుంది.

రెండోది నొక్కు. ఒక ముక్కకున్న రెండు హ్యాండిళ్లూ మరీ పొడవైతే వాటి మధ్య గీత చదునుబారి, భుజాలు పెట్టెలా తయారవుతాయి. ఇంకా పొడవై ఒకదాన్నొకటి దాటిపోతే గీత మధ్యలో పిట్టముక్కులా పొడుచుకొస్తుంది. మూడోది అక్కర్లేని పాయింటు. రెండు పాయింట్లు పక్కపక్కనే ఉంటే వాటి మధ్య వంపు నునుపుగా నిలవదు. ఒకదాన్ని తీసేసి, మిగిలినదాని హ్యాండిళ్లు పెంచాలి.

వీటిని పట్టుకోవడానికి ఎర్ర గీతను వదిలి, కాయలో నిండా నలుపు నింపి చూడాలి. గీతగా ఉన్నప్పుడు కనబడని బుడిపె నల్ల ముద్దగా మారగానే బయటపడుతుంది. తర్వాత బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పాలి. గంటసేపు ఒకే బొమ్మను చూసిన కన్ను దాని వంకరకు అలవాటుపడిపోతుంది, తిరగేస్తే అదే వంకర కొత్తగా కనిపిస్తుంది. ఇక ఇలస్ట్రేటర్‌లో Ctrl+Y నొక్కితే రంగులన్నీ పోయి ఉత్త గీతలు మిగులుతాయి. దారితప్పిన పాయింట్లు, ఒకదానిమీదొకటి పడిన గీతలు అప్పుడు దొరుకుతాయి.

టెంక, గుంట

కాయ మధ్యలో జీడి తీసిన గుంట కోడిగుడ్డు ఆకారం. నాలుగు పాయింట్లు చాలు. దాన్ని తెలుపుతో నింపి కాయ మీద పెట్టేస్తే తెరమీద సరిగ్గానే కనిపిస్తుంది. పసుపుపచ్చని సీసా లేబుల్ మీద అచ్చేసినప్పుడు మాత్రం గుంటలో తెల్లటి మచ్చ పడుతుంది. గుంట నిజంగా గుంటే కావాలి, వెనకున్న రంగు అందులోంచి కనబడాలి. కాయనూ గుంటనూ కలిపి ఎంచుకుని, కాయలోంచి గుంటను తీసివేసే ఆజ్ఞ ఇవ్వాలి. ఇలస్ట్రేటర్ పాత్‌ఫైండర్‌లో అది Minus Front, ఇంక్‌స్కేప్‌లో Difference.

గుంట చుట్టూ టెంకను చూపించడానికి స్కెచ్‌లో ఒక సన్నని తెల్ల గీత ఉంది, కండనూ టెంకనూ విడదీసే గీత. కాయ వెడల్పు 60 మిల్లీమీటర్లున్నప్పుడు ఆ గీత మందం 0.8 మిల్లీమీటరు అనుకుందాం. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. అదే లోగో సీసా మూత మీద 12 మిల్లీమీటర్ల వెడల్పుతో పడితే అన్నీ ఐదో వంతవుతాయి, గీత 0.16 మిల్లీమీటరే మిగులుతుంది. స్క్రీన్ ప్రింటింగులో రెండు వైపుల నుంచీ సిరా పాకి దాన్ని పూడ్చేస్తుంది. టెంక మాయమవుతుంది, ఆవకాయ కాస్తా మామూలు పండవుతుంది. అందుకే గీతను 2.5 మిల్లీమీటర్లకు పెంచాలి. అప్పుడు మూత మీద అర మిల్లీమీటరు మిగులుతుంది, కంటికి ఆనుతుంది. పెద్ద బొమ్మలో ఆ గీత కొంచెం లావుగా అనిపించినా లోగోకు అదే సరైన కొలత.

ఈ గీతను నాలుగు పాయింట్ల దారిగా గీసి, మందం 2.5 ఇచ్చి, తర్వాత ఆ మందాన్ని ఆకారంగా మార్చాలి. ఇలస్ట్రేటర్‌లో Outline Stroke, ఇంక్‌స్కేప్‌లో Stroke to Path. ఈ మెట్టు వదిలేస్తే లోగోను చిన్నది చేసినప్పుడు కొన్ని ప్రోగ్రాముల్లో కాయ చిన్నదవుతుంది కానీ గీత మందం 2.5 దగ్గరే ఉండిపోతుంది, టెంక మొత్తం తెల్లబారుతుంది. ఆకారంగా మార్చేటప్పుడు అదనపు పాయింట్లు పుడితే ఏరి తీసేయాలి. తర్వాత ఆ ఆకారాన్ని కాయలోంచి తీసివేయాలి.

మామిడాకు పొడవుగా, రెండు చివర్లా మొనదేలి, ఏటవాలుగా ఉంటుంది. ఏటవాలుగానే గీయబోతే అడ్డం నిలువుల సూత్రం పనికిరాదు. అందుకని ఆకును ముందు నేల మీద పరిచినట్టు అడ్డంగా గీయాలి. రెండు మొనల దగ్గర రెండు మూలలు, పై అంచుకొకటి, కింది అంచుకొకటి వంపు పాయింట్లు. మధ్య ఈనెను కూడా తెల్ల సందుగా తీసేశాక మొత్తాన్ని కావలసిన కోణానికి తిప్పుకోవాలి. కాయ, టెంక, గుంట, తొడిమె, ఆకు అన్నీ కలిపినా లోగో మొత్తం సుమారు ముప్ఫై పాయింట్లలో ముగుస్తుంది.

ఒక్క నొక్కుతో అయిపోదా?

ఈ ప్రోగ్రాములన్నిటిలోనూ ఫొటోను తనంతట తానే వెక్టర్‌గా మార్చే సదుపాయం ఉంది. ఇలస్ట్రేటర్‌లో Image Trace, ఇంక్‌స్కేప్‌లో Trace Bitmap. శుభ్రమైన నల్ల బొమ్మకు, తొందర పనికి అది ఉపయోగపడుతుంది. కాగితపు గరుకును, పెన్సిల్ పొడిని, చేతి వణుకును కూడా అది అంచుగానే లెక్కిస్తుంది. ఏది మూలో, ఏది వంపో దానికి తెలియదు. ముక్కు మొద్దుబారుతుంది, నునుపైన పొట్ట మీద చిన్నచిన్న మూలలు లేస్తాయి. పాయింట్లు వందల్లోకి పోవచ్చు, అవీ కొసల దగ్గర ఉండవు. తర్వాత కాయను కాస్త లావు చేయమంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. ఆ పాయింట్లను తగ్గించే Simplify ఆజ్ఞ వాడితే వణుకుతో పాటు ముక్కు వాడి కూడా పోతుంది.

ప్రింటరు చేతికి ఇచ్చేముందు

లోగోను నల్లరంగులో నాలుగు కొలతల్లో ఒకే కాగితం మీద అచ్చు తీయాలి: 10, 20, 50, 150 మిల్లీమీటర్ల వెడల్పులు. చేతి పొడవు దూరంలో పెట్టి చూస్తే 10 మిల్లీమీటర్ల బొమ్మలో కూడా టెంక తెలియాలి, ఆకు కాయకు అతుక్కుపోకూడదు. అతుక్కుంటే మధ్య సందు పెంచాలి. పక్కనే నల్ల నేపథ్యం మీద తెల్ల లోగోనూ అచ్చు తీయాలి. నలుపు మీద తెలుపు కొంచెం లావుగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ సన్నని సందులు ఇంకాస్త పెరగాల్సి రావచ్చు.

కాయ, తొడిమె ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటే వాటిని కలిపి ఒకే ఆకారం చేయాలి. తెరమీద రెండూ నలుపే కాబట్టి తేడా తెలియదు. స్టిక్కర్ కోసే యంత్రం మాత్రం ప్రతి గీతనూ కోస్తుంది, తొడిమె కాయలోకి దిగిన చోట అడ్డంగా కోత పడుతుంది.

లోగో కింద తెలుగులో పేరు ఉంటే దాన్ని అక్షరాలుగా వదిలేయకూడదు. మన డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లు వాడుకలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు పేరు స్థానంలో అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్ ఫాంటు వాడినా, ప్రోగ్రాములో భారతీయ లిపుల అమరిక సరిగ్గా లేకపోతే ఒత్తులు విడిపోతాయి. పేరు సరిగ్గా ఉందని చూసుకుని, Create Outlines ఆజ్ఞతో అక్షరాలను ఆకారాలుగా మార్చాలి. మార్చని ప్రతిని మనదగ్గర విడిగా దాచుకోవాలి, ఒక్క అక్షరం మార్చాలన్నా అదే దిక్కు.

చివరగా ఇవ్వాల్సిన ఫైళ్లు. అచ్చుకు పీడీఎఫ్, వెబ్‌సైటుకు ఎస్‌వీజీ, ఫోన్లో పంపుకోవడానికి వెనక రంగు లేని పీఎన్‌జీ. పీఎన్‌జీ మళ్లీ గళ్ల బొమ్మే కనుక ప్రింటరుకు అది ఇవ్వకూడదు. ఒక ఫొటోను పీడీఎఫ్‌లో అతికించి ఇచ్చినా దాన్ని పీడీఎఫ్ అనే అంటారు కాబట్టి ఫైలు పేరు చూసి నమ్మడానికి లేదు.

లోగో చేయించుకున్నవారు ఒక్క పరీక్ష అడగవచ్చు. ఫైలు తెరిచి, రంగులు తీసేసి, ఉత్త గీతలు చూపించమనాలి. గీతలే కనబడకుండా ఒక పెట్టె మాత్రమే కనిపిస్తే లోపల ఉన్నది ఫొటో. చుట్టుగీత పొడవునా పాయింట్లు చీమల బారులా ఉంటే అది యంత్రం తీసిన ట్రేస్. తొడిమె దగ్గర ఒకటి, ముక్కు దగ్గర ఒకటి, భుజాల మీద, పొట్టల దగ్గర, అడుగున ఒక్కొక్కటి మాత్రమే కనిపిస్తే, ఆ కాయను ఎవరో ఆలోచించి గీశారు. రేపు లేబుల్ కొలత మారినా, కాయ ఆకారం కొంచెం మార్చాలనిపించినా, ఆ ఏడు పాయింట్లనూ పట్టుకుని ఎవరైనా మార్చగలరు.